బారసాల భోజనానికి కేటరర్‌కు మెసేజ్ ఎలా రాయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బంధువుల ఇళ్లలో శుభకార్యం ఏది జరిగినా వంట పురమాయించే పని ఎక్కువగా నా మీదే పడుతుంది. బారసాల అనగానే అందరూ నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఏం పెట్టాలి, ఎంత చెప్పాలి, కారం సంగతి ఎలా చెప్పాలి. వాటికి జవాబులన్నీ ఇక్కడ రాశాను. ఉదాహరణకు తీసుకున్నది విజయవాడలో ఒక ఇంటి డాబా మీద, 21వ రోజున, అరిటాకుల్లో పెట్టే శాకాహార భోజనం. మీ లెక్క వేరైనా పద్ధతి ఇదే.

ఫోన్‌లో అన్నీ మాట్లాడేశాం కదా, మళ్లీ మెసేజ్ ఎందుకు?

మీతో ఫోన్‌లో మాట్లాడే మనిషి, పొయ్యి దగ్గర నిలబడే మనిషి ఒకరే కావడం అరుదు. ఆర్డర్ తీసుకున్నాయన వంటమాస్టర్‌కి చెబుతాడు, మాస్టర్ తన కింద కూరలు చూసుకునేవాళ్లకు చెబుతాడు, వడ్డనకు వచ్చే కుర్రాళ్లకు ఆ రోజు పొద్దున ఇంకెవరో చెబుతారు. ఇన్ని నోళ్లు మారేసరికి "కారం కాస్త తగ్గించండి, పెద్దవాళ్లున్నారు" అన్న మాట ఎక్కడో జారిపోతుంది. రాసి పంపితే ఆ మెసేజ్ యథాతథంగా వంటశాల గ్రూపుకు ఫార్వర్డ్ అవుతుంది.

కాబట్టి రాసేటప్పుడు దాన్ని చదివేది వంటమాస్టర్ అనుకుని రాయండి. ఒక్కో వంటకానికి ఒక్కో లైను పెట్టండి. ఆ లైనులోనే పేరు, ఎంత కావాలి, కారం ఎంత అన్న మూడూ ఉండాలి. మెనూ ఒక మెసేజ్‌లో, సంఖ్యలు ఇంకో మెసేజ్‌లో, కారం సంగతి వాయిస్ మెసేజ్‌లో పంపితే అవి మళ్లీ ఒకచోటికి చేరవు.

మెసేజ్ మొదట్లో ఏం ఉండాలి?

తేదీ, ఇంటి అడ్రస్, ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, ఆకుల్లోనా బఫేనా. వీటి కన్నా ముఖ్యమైనది భోజనం వేళ. చాలామంది ముహూర్తం టైము రాసి ఊరుకుంటారు. పదీ నలభైకి ముహూర్తం అంటే కేటరర్ వంటలు పదకొండుకే దింపేసి వెళ్లిపోవచ్చు. ఉయ్యాలలో వేయడం, బియ్యంలో పేరు రాయడం, ఫొటోలు అన్నీ అయ్యి మొదటి బంతి కూర్చునేసరికి పన్నెండున్నర. ఆపాటికి గారెలు చల్లారి గట్టిపడతాయి, అన్నం అడుగున చెమ్మ పడుతుంది. అందుకని "మొదటి బంతి 12:30, రెండో బంతి 1:30, వంటలు ఇంటికి 11:45 కల్లా రావాలి" అని మూడు వేళలూ రాయండి.

ఎంతమందికని చెప్పాలి? పిలిచినవాళ్ల సంఖ్య చెబితే చాలా?

చాలదు. బారసాలకు పసిపిల్లల తల్లులు, చిన్నపిల్లలు, పెద్దవయసు వాళ్లు ఎక్కువగా వస్తారు. పెళ్లి భోజనం లెక్క ఇక్కడ సరిపోదు.

మన ఉదాహరణలో లిస్టులో 120 పేర్లున్నాయి. అందులో పెద్దవాళ్లు 95, పిల్లలు 25. ఆ 25 మందిలో 8 మంది అమ్మ ఆకులోనే నాలుగు ముద్దలు తినే వయసువాళ్లు. మిగతా 17 మంది విడిగా ఆకు వేసుకుని కూర్చుంటారు కానీ పెద్దవాళ్లు తినేదాంట్లో సగమే తింటారు. వీళ్లకు తోడు పురోహితుడు, ఫొటోగ్రాఫర్లు, కార్ల డ్రైవర్లు కలిపి ఆరుగురు. ఆకుల లెక్క వేస్తే 95, 17, 6 కలిపి 118. వంట లెక్కలో ఆ 17 మందినీ ఎనిమిదీ తొమ్మిది మంది కింద లెక్కేస్తే సుమారు 110.

ఈ రెండు అంకెలూ విడివిడిగా రాయాలి. చాలామంది కేటరర్లు ఆకు లెక్కన డబ్బులు తీసుకుంటారు. కాబట్టి పిల్లల ఆకుకు సగం రేటా, పూర్తి రేటా అన్నది ముందే తేల్చుకోండి. మూడో అంకె గ్యారంటీ. ఎంత తక్కువమంది వచ్చినా మీరు డబ్బు కట్టాల్సిన కనీస సంఖ్య అది. 110 మంది వంటకు 100 గ్యారంటీ అనడం సబబుగా ఉంటుంది.

ఎన్ని రకాలు పెట్టాలి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంటి దగ్గర చేసే బారసాలకు ఇరవై రకాలు అక్కర్లేదు. ఆకులో మనిషి అన్నం కలుపుకునేది నాలుగుసార్లు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యితో ఒకసారి, కూరతోనో పచ్చడితోనో ఒకసారి, సాంబారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి. ఈ నాలుగు వాయిలకూ సరిపడా మంచి వంటకాలుండి, పక్కన ఒక తీపి, ఒక పులిహోర, గారె, వేపుడు ఉంటే అది నిండైన విస్తరి. రెండు పప్పులు, మూడు పచ్చళ్లు, సాంబారుకు తోడు చారు, మజ్జిగపులుసు అంటూ పెంచితే ప్రతిదీ ఆకులో సగం మిగులుతుంది. ప్లేటు రేటు మాత్రం పెరుగుతుంది.

తీపి ఎంచుకునేటప్పుడు పేరు వివరంగా రాయండి. ఒక చోట బూరెలు అంటే పూర్ణం పెట్టి పిండిలో ముంచి వేయించినవి, ఇంకో చోట బెల్లం, బియ్యప్పిండితో ఒత్తి వేయించినవి. "శనగపప్పు, బెల్లం పూర్ణంతో చేసే బూరెలు" అని రాస్తే ఏ జిల్లా వంటవాళ్లు వచ్చినా తేడా రాదు.

పరిమాణాలు కిలోల్లో చెప్పాలా, మనుషుల లెక్కన చెబితే చాలా?

లెక్కపెట్టగలిగినవి లెక్కతో, గరిటెతో వడ్డించేవి పచ్చి సరుకు బరువుతో, పలచగా ఉండేవి లీటర్లలో రాయడం మంచిది. "110 మందికి సరిపడా" అన్న మాటకు ప్రతి కేటరర్ దగ్గరా ఒక్కో అర్థం ఉంటుంది. "గారెలు 220" అంటే ఒకటే అర్థం.

అన్నం దగ్గర మొదలుపెడదాం. పులిహోర, బూరెలు, గారెలు ఉన్న భోజనంలో తెల్లన్నానికి మనిషికి 100 నుంచి 110 గ్రాముల బియ్యం పడుతుంది. 110 మందికి 12 కిలోలు చాలు. పులిహోరకు ఇంకో 4 కిలోల బియ్యం. కిలో బియ్యం ఉడికి, పోపు కలిశాక రెండున్నర, మూడు కిలోలవుతుంది కాబట్టి మనిషికి సుమారు వంద గ్రాములు వస్తుంది. పులిహోర ఒక్కటే అందరూ మారు అడుగుతారు. అయినా 4 కిలోలు దాటించవద్దు, దాటితే తెల్లన్నం మిగిలిపోతుంది.

ముద్దపప్పుకు 3 కిలోల కందిపప్పు. నెయ్యి మనిషికి పదకొండు నుంచి పద్నాలుగు గ్రాములు, అంటే కిలోంబావు నుంచి కిలోన్నర. నెయ్యి బరువు రాయకపోతే చివరి వరసకు చుక్క కూడా రాదు.

గుత్తివంకాయ బరువులో చెప్పకండి. చిన్న కాయలా, పెద్ద కాయలా అన్నదాన్ని బట్టి కిలోకు వచ్చే కాయలు మారిపోతాయి. "చిన్న కాయలు, మనిషికి రెండు, మొత్తం 220" అనండి. బెండకాయ వేపుడు మాత్రం పచ్చి కాయల బరువుతోనే చెప్పాలి, ఎందుకంటే వేగాక బాగా తగ్గిపోతుంది. చూడటానికి బుట్టెడు బెండకాయలు, చివరికి బేసిన్‌లో సగం. 110 మందికి 9 కిలోలు కావాలి.

సాంబారు మనిషికి 150 మిల్లీలీటర్ల చొప్పున సుమారు 16 లీటర్లు. పాయసం చిన్న కప్పు లెక్కన 11 లీటర్లు. పెరుగు 12 కిలోలు. గోంగూర పచ్చడి తయారయ్యాక 2 కిలోలు ఉండాలి. అప్పడాలు లెక్కకన్నా నలభై ఎక్కువ చెప్పండి. అవి విరిగిపోతాయి, పిల్లలు రెండోసారి అడుగుతారు.

కారం "మీడియం" అని రాస్తే అర్థం కాదా?

రాసినవాళ్లకు అర్థమవుతుంది, వండేవాళ్లకు కాదు. గుంటూరు మాస్టర్ మీడియం వేరు, హైదరాబాద్ మాస్టర్ మీడియం వేరు. పైగా ఒకే భోజనంలో అన్ని వంటకాలకూ ఒకే కారం ఉండకూడదు. గోంగూరకు కారం తగ్గిస్తే అది పుల్లటి ముద్దలా ఉంటుంది. సాంబారుకు అదే స్థాయిలో కారం పడితే పిల్లలు అన్నం ముట్టరు. అందుకే కారం వంటకం వంటకానికీ రాయాలి.

పోల్చుకోవడానికి వాళ్ల కొలతనే వాడుకోవడం అన్నిటికన్నా సులువు. "మీరు పెళ్లిళ్లకు వేసే కారంలో సగం" అంటే మాస్టర్‌కు చేయి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. నేనైతే సాధారణంగా నాలుగు మాటలతో సరిపెడతాను. "కారం వద్దు" అంటే మిరప అసలు పడకూడదు. "పిల్లల కారం" అంటే పోపులో ఒకట్రెండు ఎండుమిరపకాయలు తప్ప కారప్పొడి వేయకూడదు. "సగం కారం" అంటే వాళ్ల పెళ్లి కొలతలో సగం. "మామూలు కారం" అంటే వాళ్ల చేతికి వచ్చినట్టే. ఈ నాలుగిటి అర్థాలనూ మెసేజ్‌లో పైన ఒకసారి రాసి, కింద ప్రతి వంటకం పక్కనా ఏది కావాలో పెట్టండి.

ఏ మిరప వాడాలన్నది కూడా చెప్పవచ్చు. తేజ రకం మిరప ఘాటు చాలా ఎక్కువ. బ్యాడిగి రంగు బాగా ఇస్తుంది కానీ ఘాటు తక్కువ. గుత్తివంకాయ ఎర్రగా కనబడాలి, నోరు మండకూడదు అనుకుంటే "కారం తగ్గించి, రంగుకు బ్యాడిగి కలపండి" అని రాస్తే వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఇది రాయకపోతే కొందరు రంగు తగ్గిందని కారప్పొడే ఇంకాస్త వేస్తారు.

మిరప ఏ రూపంలో పడుతుందన్నదీ అంతే ముఖ్యం. పులిహోరలో పచ్చిమిరపకాయలు నిలువుగా చీల్చి పోపులో వేస్తే, తినలేనివాళ్లు పక్కకు తీసి పెట్టుకుంటారు. అదే నూరి కలిపితే ఎవరూ తప్పించుకోలేరు. గారెల్లో పచ్చిమిర్చి ముక్కలు పిల్లల నోటికి తగిలి వాళ్లు ఏడుపు మొదలుపెడతారు. "గారెల్లో పచ్చిమిర్చి వద్దు, మిరియాలు, జీలకర్ర వేయండి, మిరియాలు కచ్చాపచ్చాగా దంచండి" అని రాసేయండి.

అన్నీ సగం కారం అంటే భోజనం చప్పగా ఉండదా?

ఉంటుంది, అందుకే అన్నీ తగ్గించవద్దు. ఆకులో కనీసం రెండు ఘాటైనవి ఉండాలి. గోంగూర పచ్చడి, ఆవకాయ ఆ పని చేస్తాయి. అవి విడిగా వడ్డిస్తారు కాబట్టి కావలసినవాళ్లు వేయించుకుంటారు, వద్దన్నవాళ్లు చేయి అడ్డం పెడతారు. కారాన్ని ఎవరికి వాళ్లు కలుపుకోగలిగిన చోట ఉంచి, అందరూ తప్పనిసరిగా తినే పప్పు, సాంబారు, వేపుడుల్లో తగ్గించడం సరైన పద్ధతి. దీన్ని వంటమాస్టర్‌తో ఒక్కసారి నోటితో కూడా చెప్పండి. "కారం తక్కువ" అన్న మాట వింటే కొందరు చింతపండు, ఉప్పు కూడా తగ్గించేస్తారు. "పులుపు, ఉప్పు మామూలే, తగ్గించేది కారం ఒక్కటే" అన్న వాక్యం మెసేజ్‌లో ఉండి తీరాలి.

బాలింతకు ఇదే భోజనం పెట్టవచ్చా?

దీనికి కేటరర్ జవాబు చెప్పలేడు, మీ ఇంట్లో పెద్దవాళ్లూ డాక్టరూ చెప్పాలి. పథ్యం ఇంటింటికీ వేరు. కొన్ని ఇళ్లలో ఇరవై ఒకటో రోజుకే మామూలు భోజనం పెడతారు, కొన్ని ఇళ్లలో వంకాయ, గోంగూర, పులుపు ఇంకా దగ్గరికి రానివ్వరు. ఎక్కువ ఇళ్లలో ఆమెకు ఇంట్లోనే బీరకాయ కూర, వెల్లుల్లి కారం, నెయ్యి అన్నం విడిగా చేసి పెడతారు. అదే నాకూ మంచిదనిపిస్తుంది. ఆ రోజు వంటిల్లు ఖాళీగా ఉండదంటే కేటరర్‌కు రాయండి. అయితే "బాలింత భోజనం ఒకటి" అని మాత్రం రాయకండి. "బీరకాయ కూర పావుకిలో, పచ్చిమిర్చి, చింతపండు లేకుండా, విడి డబ్బాలో, పైన పేరు రాసి" అని రాయండి. ఆమె బంతిలో కూర్చోవడం ఆలస్యమవుతుంది, మధ్యలో బిడ్డ పాలకు ఏడుస్తుంది. విడి డబ్బా ఉంటే ఎప్పుడైనా తినగలుగుతుంది.

నైవేద్యం కూడా కేటరర్‌కే చెప్పాలా?

చెప్పవచ్చు కానీ ఇక్కడ రెండు చిక్కులున్నాయి. భోజనాలు 11:45కి వస్తాయి, పూజ పదిన్నరకే మొదలవుతుంది. నైవేద్యం అప్పటికి ఉండాలి. రెండోది, వంటశాలలో మాస్టర్ ప్రతిదీ రుచి చూస్తాడు, నైవేద్యానికి పెట్టేది ఎవరూ రుచి చూడకూడదు. అరకిలో బియ్యంతో పరమాన్నం ఇంట్లో చేసుకోవడం తేలిక. కేటరర్‌కే చెప్పాలంటే "నైవేద్యం విడి గిన్నెలో, రుచి చూడకుండా, 10 గంటలకు" అని విడి లైనుగా రాయండి. అదనంగా ఒక ట్రిప్పుకు వాళ్లు డబ్బు అడగవచ్చు.

ఉల్లి, వెల్లుల్లి లేకుండా అంటే ఒక్క మాట చాలా?

చాలదు. సాంబారు పొడి, పోపు సామాను వంటివి వంటశాలలో ముందే సిద్ధంగా ఉంటాయి. వాటిలో వెల్లుల్లి ఉండవచ్చు. గోంగూర పచ్చడిలో వెల్లుల్లి దాదాపు ఎప్పుడూ పడుతుంది. "పొడుల్లోనూ, పచ్చళ్లలోనూ వెల్లుల్లి వద్దు" అని విడమరచండి. ఒక్క ఇద్దరు పెద్దవాళ్ల కోసమే అయితే మొత్తం వంట మార్చక్కర్లేదు. వాళ్లకు ముద్దపప్పు, బెండకాయ వేపుడు, పెరుగు సరిపోతాయి. ఆ పప్పు, వేపుడుల్లో మాత్రం వేయవద్దని చెప్పండి.

పల్లీలు పడని పిల్లలుంటే?

ఇది కారం సంగతిలా రాసి వదిలేసేది కాదు. పులిహోరలో పల్లీలు, గుత్తివంకాయ మసాలాలో పల్లీలు, నువ్వులు ఉంటాయి. ఒక్క పిల్లవాడికి అలర్జీ ఉన్నా మెసేజ్‌లో పెద్దగా రాసి, ఫోన్ చేసి కూడా చెప్పండి. పులిహోరలో పల్లీల బదులు శనగపప్పు, జీడిపప్పు అడగవచ్చు, ఆ పిల్లవాడికి జీడిపప్పు పడుతుందని ఖాయమైతేనే. అయినా అదే నూనెలో, అదే గరిటెతో పని జరిగే చోట పూర్తి భరోసా ఉండదు. అలర్జీ గట్టిదైతే ఆ బిడ్డకు ఇంటి నుంచే డబ్బా తెచ్చుకోమని తల్లిదండ్రులకు చెప్పడం క్షేమం.

పూర్తి మెసేజ్ ఒకటి చూపిస్తారా?

పైన చెప్పిన 110 మంది వంటకు ఇదిగో. మీ పేర్లు, అంకెలు మార్చుకుని వాడుకోండి.

నమస్కారమండీ. ఫిబ్రవరి 22 ఆదివారం మా మనవరాలి బారసాల భోజనాలకు ఆర్డర్ ఇది. దయచేసి వంటమాస్టర్‌గారికి కూడా పంపండి.

వంట 110 మందికి. ఆకులు 118. గ్యారంటీ 100. పిల్లల ఆకు సగం రేటు అని మాట్లాడుకున్నాం.

వంటలు 11:45కి ఇంటికి రావాలి. మొదటి బంతి 12:30, రెండో బంతి 1:30. భోజనాలు రెండో అంతస్తు డాబా మీద, లిఫ్ట్ లేదు. వడ్డనకు ఐదుగురు కావాలి.

పూర్తి శాకాహారం. ఉల్లి వేయవచ్చు. ముద్దపప్పు, వేపుడుల్లో మాత్రం ఉల్లి, వెల్లుల్లి వద్దు.

కారం లెక్క: "పిల్లల కారం" అంటే పోపులో ఎండుమిర్చి మాత్రమే. "సగం" అంటే మీ పెళ్లి కొలతలో సగం. "కారం వద్దు" అంటే మిరప అసలు వేయవద్దు. "మామూలు" అంటే మీ చేతికి వచ్చినట్టే. పులుపు, ఉప్పు తగ్గించవద్దు.

శనగపప్పు, బెల్లం పూర్ణం బూరెలు: 220
గారెలు: 220. పచ్చిమిర్చి వద్దు, దంచిన మిరియాలు, జీలకర్ర
చింతపండు పులిహోర: 4 కిలోల బియ్యం. పచ్చిమిర్చి నిలువుగా చీల్చి వేయాలి, నూరవద్దు
అన్నం: 12 కిలోల బియ్యం, రెండు వాయిలుగా. రెండో వాయి రెండో బంతికి వేడిగా
ముద్దపప్పు: 3 కిలోల కందిపప్పు. కారం వద్దు
నెయ్యి: కిలోన్నర
గుత్తివంకాయ: చిన్న కాయలు 220. సగం కారం, రంగుకు బ్యాడిగి
బెండకాయ వేపుడు: 9 కిలోల కాయలు. పిల్లల కారం. కారప్పొడి విడిగా ఒక గిన్నెలో
సాంబారు: 16 లీటర్లు. అందులో 3 లీటర్లు పిల్లల కారంతో విడి గిన్నెలో, మూతకు రిబ్బన్ కట్టి. మిగతాది సగం కారం
గోంగూర పచ్చడి: 2 కిలోలు. మామూలు కారం
ఆవకాయ: కిలో
సేమ్యా పాయసం: 11 లీటర్లు
పెరుగు: 12 కిలోలు. ముందురోజు రాత్రి తోడుపెట్టింది, పులవకూడదు
అప్పడాలు: 150. కిళ్లీలు: 90

బాలింతకు: బీరకాయ కూర పావుకిలో, పచ్చిమిర్చి, చింతపండు లేకుండా, విడి డబ్బా.

సంఖ్య మారితే శుక్రవారం సాయంత్రంలోగా చెబుతాను. మొత్తం రేటు, జీఎస్టీ, రవాణా, వడ్డన కలిపా, విడిగానా అన్నది ఈ మెసేజ్‌కే జవాబుగా రాయగలరు.

"ఓకే మేడమ్" అని జవాబు వచ్చింది. అది చాలా?

లేదు. ప్రతి లైనూ చదివారని తెలియాలంటే జవాబులో కనీసం మూడు విషయాలు వాళ్ల మాటల్లో రావాలి. మొత్తం డబ్బు, వంటలు వచ్చే వేళ, పిల్లల సాంబారు విడిగా వస్తుందన్న మాట. అవి రాకపోతే ఫోన్ చేసి "పిల్లల సాంబారు ఎలా పంపుతున్నారు?" అని అడగండి. తడుముకున్నారంటే చదవలేదన్నమాట. కొత్త కేటరర్ అయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కూడా అడగండి, అది 14 అంకెలుంటుంది. అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వండి.

సంఖ్య మార్చాలంటే కూరగాయలు కొనేలోపు చెప్పాలి. ఆదివారం భోజనానికి శనివారం పొద్దున్నే మార్కెట్‌కు వెళ్తారు. పప్పు నానబోసే పని శనివారం రాత్రి జరుగుతుంది. ఆ తర్వాత పదిమంది పెరిగితే గారెలు, బూరెలు పెంచలేరు, అన్నం, సాంబారు పెంచగలరు.

వంటలు వచ్చాక ఏం చూడాలి? కారం ఎక్కువైతే ఏం చేయగలం?

11:45కి వంటలు దిగగానే ఒక మనిషి మెసేజ్ చేతిలో పట్టుకుని గిన్నెలు సరిచూడాలి. లెక్కపెట్టేవి లెక్కపెట్టండి, పెరుగు, సాంబారు, వంకాయ రుచి చూడండి. మొదటి బంతికి ఇంకా ముప్పావు గంట ఉంటుంది, చాలా తప్పులు ఆ కాసేపట్లోనే దిద్దుకోవచ్చు.

సాంబారు కారంగా ఉంటే నీళ్లు పోయకండి. పలచనవుతుంది, రుచి పోతుంది, కారం పెద్దగా తగ్గదు. ఇంట్లో అరకిలో కందిపప్పు కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, కాస్త చింతపండు రసం, చిటికెడు బెల్లం కలిపి మరిగించి పోయండి. పులిహోర కారంగా ఉంటే తెల్లన్నం, కాస్త నూనె, ఉప్పు, ఉంటే చింతపండు గుజ్జు కలపండి. వంకాయ గ్రేవీకి వేయించిన నువ్వుల పొడో, కొబ్బరి ముద్దో కొంత పనిచేస్తుంది. బెండకాయ వేపుడుకు మాత్రం మందు లేదు, అందుకే కారప్పొడి విడిగా అడిగాం.

పెరుగు పులిసి ఉంటే, ఎండ ఎక్కువగా ఉన్న రోజైతే, దగ్గర్లోని డెయిరీ నుంచి ప్యాకెట్లు తెప్పించడం ఒక్కటే దారి. పాలు కలిపి సర్దుదామంటే భోజనం చివరికి మళ్లీ పులుపే. కొబ్బరి పచ్చడి నేను మెనూలో పెట్టకపోవడానికి కారణమూ ఈ ఎండే. డాబా మీద మధ్యాహ్నం రెండు గంటలకు అది వాసన మారుతుంది.

మా ఇంట్లో మాంసాహారం పెడతారు. ఏం మారుతుంది?

తొట్టెల ఫంక్షన్‌కు కోడికూర, మటన్ పెట్టే ఇళ్లు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ చాలా ఉన్నాయి. అప్పుడు శాకాహారులు ఎంతమందో విడిగా రాయాలి, వాళ్లకు విడి బల్ల, విడి గరిటెలు, విడి మనుషులు అడగాలి. మటన్ ఎముకతో కలిపి పచ్చి బరువు ఎంత, ముక్క సైజు ఎంత అన్నది రాయండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి. మాంసం కూర ఒక్కటే మామూలు కారం ఉంచి, పిల్లలకు పప్పు, పెరుగు మెండుగా పెట్టండి. మాంసం ఉన్న భోజనంలో తెల్లన్నం వాడకం పెరుగుతుంది, గారెలకు గిరాకీ కూడా.

అమెరికాలో ఉంటున్నాం, ఇక్కడ ట్రేల లెక్క. ఎలా చెప్పాలి?

హాఫ్ ట్రే, ఫుల్ ట్రే ఎంతమందికి వస్తాయన్నది ఒక్కో రెస్టారెంటుకు ఒక్కోలా ఉంటుంది. ట్రే ఎంత లోతుందో, ఎన్ని పౌండ్లు పడుతుందో అడిగి, మనిషికి ఇంత అన్న మీ లెక్కతో సరిచూసుకోండి. లెక్కపెట్టే వంటకాలకు అక్కడా ట్రే అనకుండా సంఖ్యే చెప్పండి. కారానికి మైల్డ్, మీడియం, స్పైసీ అని అడుగుతారు. వండేవాళ్లు తెలుగువాళ్లయితే ఆ మాటలు పక్కన పెట్టి "పోపులో ఎండుమిర్చి మాత్రమే" అన్నట్టు రాస్తే సరిగ్గా వస్తుంది. స్కూల్లో పిల్లవాడి స్నేహితులు, ఆఫీసువాళ్లు వస్తుంటే ఒక వేపుడు, ఒక పప్పు పూర్తిగా కారం లేకుండా చెప్పండి.

మిగిలినవి ఏం చేయాలి?

రెండో బంతి అయ్యాక కేటరర్ మనుషులు గిన్నెలు ఖాళీ చేసుకుని వెళ్లిపోతారు. మీ గిన్నెలు ముందే సిద్ధంగా పెట్టుకోండి, మిగిలింది మీదే. పులిహోర, బూరెలు, గోంగూర పచ్చడి సాయంత్రానికి బాగుంటాయి, పేరంటానికి వచ్చేవాళ్లకు పంచవచ్చు. సాంబారు, పాయసం, ముద్దపప్పు డాబా మీదే వదిలేయకుండా వెంటనే కిందకి దించి, వెడల్పు గిన్నెల్లోకి మార్చి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. ఎవరికైనా పంపించాలనుకుంటే మధ్యాహ్నం మూడు గంటలలోపే పంపండి, సాయంత్రం దాకా ఆగితే సాంబారు ఇవ్వడానికి పనికిరాదు.